కంటికి ఆనని క్రిమి



ఏ ఆచార్యుల పేరున ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో, ఆయన దగ్గర నేను మూడేళ్ళు పనిచేశాను. న్యుమోనియా రోగి వార్డులోకి వచ్చాడంటే, కఫం స్లయిడును మేమే రంగు వేసి, మేమే సూక్ష్మదర్శినిలో చూసి రావాలన్నది ఆయన నియమం. ఒకరోజు కేసు షీటులో ‘క్రిములు లేవు’ అని రాశాను. ఆయన కలం తీసి ‘లేవు’ కొట్టేసి, పైన ‘కనబడలేదు’ అని రాశారు. ఏమీ అనలేదు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే నా ఈనాటి ఉపన్యాస విషయం. న్యుమోనియాలలో ఒక తెగను మనం ‘అసాధారణ న్యుమోనియా’ అంటున్నాం. ఆ విశేషణం రోగానిది కాదనీ, మన పరీక్షల చూపు ఆగిపోయిన చోటికి మనం పెట్టుకున్న పేరనీ నా అభిప్రాయం. ఆ సంగతి మరిచిపోయిన ప్రతిసారీ మూల్యం చెల్లించింది రోగి.

ఈ పేరు పుట్టింది 1938లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో. హోబర్ట్ రీమన్ అనే వైద్యాచార్యుడు కొద్దిమంది రోగులను వర్ణిస్తూ ఆ మాట వాడాడు. ఆనాటి వైద్యులకు తెలిసిన న్యుమోనియా వేరు. వణుకుతో జ్వరం, ఛాతీలో పోటు, తుప్పు రంగు కఫం, ఊపిరితిత్తిలో ఒక తమ్మె అంతా గట్టిపడటం, స్లయిడు మీద జంటజంటలుగా న్యుమోకాకస్. రీమన్ రోగులలో ఈ నమూనా కనబడలేదు. జ్వరం మెల్లగా ఎక్కింది, పొడిదగ్గు వదలలేదు, తలనొప్పి, చెమటలు ఉన్నాయి, కఫంలో మాత్రం దోషి దొరకలేదు. న్యుమోకాకస్‌ను ‘సాధారణం’ అనుకున్నారు కాబట్టి ఇది ‘అసాధారణం’ అయింది. సల్ఫా మందులు, తరవాత పెన్సిలిన్ వచ్చాక ఆ పేరుకు ఇంకో అర్థం కూడా తోడైంది. వాటికి లొంగనిది అసాధారణం.

1944లో మన్రో ఈటన్ ఈ రోగుల కఫం నుంచి ఒక క్రిమిని వేరుచేశాడు. బాక్టీరియాలను ఆపే వడపోతల గుండా అది జారిపోయింది. మామూలు కల్చర్ పళ్ళేల మీద పెరగలేదు. అందువల్ల వైరస్ అనుకున్నారు. ఇక్కడ మన తెలుగువారు గర్వంగా తలచుకోదగిన ఒక సందర్భం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న కాలంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక జీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశాడు. టెట్రాసైక్లిన్ వంశంలో అదే మొదటిది. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. పెన్సిలిన్‌కు కదలని అసాధారణ న్యుమోనియా ఈ బంగారు రంగు మందుకు కదిలింది. వైరస్ అయితే యాంటీబయాటిక్‌కు ఎందుకు లొంగుతుంది? జవాబు 1962లో గాని దొరకలేదు. చానక్, హేఫ్లిక్, బెరైల్ ముగ్గురూ కలిసి దాన్ని జీవకణాల సాయం లేకుండానే ఒక ప్రత్యేకమైన అగార్ మీద పెంచి చూపించారు. అది వైరస్ కాదు. కణకవచమే లేని అతి చిన్న బాక్టీరియా. మరుసటి ఏడాది దానికి మైకోప్లాస్మా న్యుమోనియే అన్న పేరు స్థిరపడింది.

కణకవచం లేదన్న ఒక్క సంగతితో రెండు ముడులు విడిపోయాయి. గ్రామ్ రంగు పట్టుకునేది ప్రధానంగా కణకవచాన్ని. అది లేని క్రిమి స్లయిడు మీద ఎలా కనబడుతుంది? పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులు కొట్టేది కణకవచ నిర్మాణాన్ని. లేని గోడను ఏ గునపం పడగొడుతుంది? మందు తప్పు కాదు, మోతాదు తప్పు కాదు. గురి పెట్టడానికి అక్కడ ఏమీ లేదు.

రెండో కథ కూడా అదే ఫిలడెల్ఫియాలో నడవడం చరిత్ర చేసిన చిత్రం. 1976 జులైలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం పెన్సిల్వేనియా శాఖ బెలవ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ హోటల్‌లో మహాసభ జరుపుకుంది. ఇళ్ళకు చేరిన తరవాత ఒక్కొక్కరే జ్వరంతో, ఆయాసంతో పడిపోయారు. మొత్తం 221 మంది జబ్బుపడ్డారు, 34 మంది చనిపోయారు. స్వైన్ ఫ్లూ అన్నారు. నికెల్ విషం అన్నారు. ఎవరో విషం పెట్టారన్నారు. శవపరీక్షల్లో ఊపిరితిత్తుల నిండా చీముకణాలు ఉన్నాయి, క్రిమి మాత్రం కనబడలేదు. కల్చర్లు ఖాళీ. వదంతులకు తట్టుకోలేక ఆ పెద్ద హోటల్ ఆ నవంబరులో మూతపడింది.

అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రంలో జోసెఫ్ మెక్‌డేడ్ రికెట్సియాల నిపుణుడు. ఆయన మృతుల ఊపిరితిత్తి ముక్కల నుంచి గినీపందులకు ఎక్కించాడు, కోడిగుడ్లకు ఎక్కించాడు. గుడ్లలో ఇతర బాక్టీరియాలు పెరిగి అల్లరి చేయకుండా అలవాటు ప్రకారం యాంటీబయాటిక్ కలిపాడు. ఏమీ పెరగలేదు. వెతుకుతున్న దొంగనే తన చేత్తో గుమ్మం బయటకు నెట్టాడన్నమాట. డిసెంబరు చివరి రోజుల్లో మనసొప్పక పాత స్లయిడ్లు మళ్ళీ తీశాడు. అంతకుముందు చూసి ముఖ్యం కాదని వదిలేసిన చోట ఒక కణం లోపల కడ్డీల్లాంటివి గుంపుగా కనబడ్డాయి. ఈసారి యాంటీబయాటిక్ లేకుండా గుడ్లలో పెంచాడు. పెరిగింది. కోలుకున్న రోగుల రక్తంలోని ప్రతిరక్షకాలు దాన్ని గుర్తుపట్టాయి. 1977 జనవరి 18న లోకానికి చెప్పారు. అది కొత్త క్రిమి కూడా కాదని తరవాత తేలింది. దాచి ఉంచిన పాత నమూనాలను తిరగేస్తే, 1965లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో చెలరేగిన న్యుమోనియా కూడా దీని పనేనని రుజువైంది. అంతకాలమూ అది మన మధ్యనే ఉంది, మనకే ఆనలేదు.

లెజియోనెల్లా అని పేరు పెట్టిన ఈ క్రిమికి కణకవచం ఉంది. అయినా రంగు సరిగా పట్టదు. సాధారణ బ్లడ్ అగార్ మీద పెరగదు. దానికి సిస్టీన్, ఇనుము కావాలి. బొగ్గుపొడి, ఈస్ట్ సారం కలిపిన ప్రత్యేక అగార్ మీద మూడు నుంచి అయిదు రోజులు ఓపిక పట్టాలి. ఇవన్నీ ప్రయోగశాల ఇబ్బందులు. చికిత్సకు సంబంధించిన అసలు రహస్యం వేరే ఉంది. 1980లో ఇంగ్లండులో టిమ్ రౌబథమ్ ఈ బాక్టీరియా నీటిలోని అమీబాల కడుపులో బతుకుతుందని చూపించాడు. అమీబా దాన్ని మింగుతుంది, కానీ అరిగించుకోలేదు. మింగినవాడి ఇంట్లోనే అది పిల్లాపాపలతో కాపురం పెడుతుంది. మన ఊపిరితిత్తిలో క్రిములను మింగే మాక్రోఫేజ్ కణం దాని దృష్టిలో మరో అమీబా. ఆ కణంలో మింగిన సంచి, జీర్ణరసాల సంచితో కలవాలి. లెజియోనెల్లా ఆ కలయికను అడ్డుకుని ఆ సంచిలోనే వృద్ధి చెందుతుంది. సెఫ్ట్రియాక్సోన్ రక్తంలో ఎంత ఉన్నా ఆ కణం లోపలికి తగినంత పోదు. మైకోప్లాస్మా దగ్గర పెన్సిలిన్ జాతికి గోడ దొరకదు, లెజియోనెల్లా దగ్గర గోడ ఉన్నా ఇంటి తలుపు తెరుచుకోదు. కారణాలు రెండూ వేరు, వార్డులో ఫలితం ఒకటే. ఫిలడెల్ఫియా రోగులలో ఎరిత్రోమైసిన్ గానీ టెట్రాసైక్లిన్ గానీ అందినవారు సెఫలోస్పోరిన్ అందినవారికన్నా ఎక్కువగా బతికారు. క్రిమి పేరు తెలియకముందే మందు చేసిన సాక్ష్యం అది.

ఇక వార్డుకు వద్దాం. చరిత్ర చెప్పిన దానిని ఒక రోగి పక్కన నిలబడి పరీక్షించుకోవాలి.

యాభై ఎనిమిదేళ్ళ వ్యక్తి. సిగరెట్లు తాగుతాడు, మధుమేహానికి గ్లిమెపిరైడ్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వేసుకుంటాడు. జ్వరం, తలనొప్పి, నీళ్ళ విరేచనాలతో మొదలైంది. విరేచనాలు చూసి టైఫాయిడ్ అనుకుని సెఫిక్సిమ్ ఇచ్చారు. అది తప్పని అనలేను, మన ప్రాంతంలో మొదటి ఊహ అదే అవుతుంది. నాలుగో రోజుకు ఆయాసం వచ్చింది. ఒక ఆసుపత్రిలో రెండు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించారు. ఆరో రోజున మా దగ్గరికి వచ్చేసరికి జ్వరం 104 డిగ్రీలు, శ్వాస నిమిషానికి 32, ఆక్సిజన్ 87 శాతం. నాడి మాత్రం 94. భార్యను పక్కనింటి మనిషి పేరుతో పిలుస్తున్నాడు. ఎక్స్‌రేలో కుడి కింది తమ్మె తెల్లబడింది. రక్తంలో సోడియం 126, క్రియాటినిన్ 1.6, కాలేయ ఎంజైములు రెండు మూడింతలు, కండరాల ఎంజైమ్ సీకే రెండువేలకు దగ్గర. కఫం కొద్దిగానే వచ్చింది. స్లయిడు మీద చీముకణాలు కుప్పలుగా ఉన్నాయి, క్రిమి ఒక్కటీ కనబడలేదు.

ఇందులో ప్రతి గుర్తునూ పుస్తకాలు లెజియోనెల్లా లక్షణంగా చెబుతాయి. తీవ్రజ్వరం, దానికి తగ్గట్టు పెరగని నాడి, విరేచనాలు, మతి తప్పడం, తగ్గిన సోడియం, పెరిగిన సీకే, బీటా-లాక్టమ్ మందులకు రెండు రోజులైనా కదలకపోవడం. అయితే లెజియోనెల్లా రోగులను, తక్కిన న్యుమోనియా రోగులను పక్కపక్కన పెట్టి పోల్చినవారు చెప్పేదేమిటంటే, వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పలేదు. సోడియం న్యుమోకాకస్‌లోనూ తగ్గుతుంది. బీటా-బ్లాకర్ వేసుకునేవాడి నాడి ఏ జ్వరంలోనూ అంతగా పెరగదు. గుర్తులు చేసేది అనుమానాన్ని పెంచడం మాత్రమే. ఒకటి ఉంటే చెవి నిక్కించాలి, నాలుగు కలిస్తే చేయి కదలాలి.

మన నేల మీద ఇంకో చిక్కు ఉంది. ఇదే చిత్రాన్ని స్క్రబ్ టైఫస్ కూడా గీస్తుంది. జ్వరం, ఆయాసం, మతిమాంద్యం, కాలేయ ఎంజైములు, తగ్గిన సోడియం, అన్నీ ఉంటాయి. లెప్టోస్పైరా కూడా ఈ వేషం వేయగలదు. అందుకే ఆ రాత్రి మా వాళ్ళు అతని చంకలు, గజ్జలు, నడుం మడతలు దీపం పెట్టి వెతికారు, సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లమచ్చ కోసం. దొరకలేదు. దొరకనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ లేదని కాదు. మాస్టారు కొట్టేసిన మాట ఇక్కడా వర్తిస్తుంది.

ఆ తరవాత నేను అతని భార్యను అడిగాను. “అమ్మా, ఈ పదిహేను రోజుల్లో ఎక్కడికైనా వెళ్ళారా?” “పెళ్ళికెళ్ళి వస్తూ ఒక రాత్రి లాడ్జిలో దిగామండీ. ఆ గది చాలాకాలం తాళం వేసి ఉందన్నారు. వేణ్ణీళ్ళు వస్తున్నాయని ఈయన చాలాసేపు షవర్ కింద నిలబడ్డారు” అంది. జబ్బు మొదలవడానికి అది ఆరు రోజుల ముందు మాట. లెజియోనెల్లా పొదిగే కాలం సాధారణంగా రెండు నుంచి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా. గోరువెచ్చగా నిలవున్న నీరు, వాడని పైపులు, వాటి లోపలి పాకుడు, అందులో అమీబాలు, నీటిని తుంపరగా మార్చే షవర్. ఇంతకన్నా అనువైన దారి దానికి ఉండదు. మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోవడం దాదాపు లేదు. అందుకే రోగిని ‘మీ ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా’ అని అడగడం మైకోప్లాస్మాకు పనికొస్తుంది, ‘ఎక్కడి నీళ్ళు పీల్చావు’ అని అడగడం లెజియోనెల్లాకు పనికొస్తుంది.

మూత్రంలో యాంటిజెన్ పరీక్షకు పంపాం. ఈ పరీక్ష ఆలోచన 1970ల చివరినాటిది. ఊపిరితిత్తిలో పెరిగే క్రిమి పైపొరలోని లైపోపాలిసాకరైడ్ ముక్కలు రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి వస్తాయి. కార్డు మీద మూత్రం వేస్తే పదిహేను నిమిషాల్లో గీత కనబడుతుంది. కఫం రాని రోగికి కూడా చేయవచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టినా గీత చెరిగిపోదు. ఇది రోగికి ఎంతో మేలు. ఒక చిన్న మెలిక కూడా ఇక్కడే ఉంది. యాంటిజెన్ వారాల పాటు, కొందరిలో నెలల పాటు మూత్రంలో ఉండిపోతుంది. మూడు నెలల కిందట లెజియోనెల్లా వచ్చిపోయిన మనిషికి కొత్త న్యుమోనియా వస్తే, పాత జబ్బే గీత గీయవచ్చు.

అంతకన్నా పెద్ద పరిమితి ఏమిటంటే, ఈ కార్డుల్లో ఎక్కువ భాగం గుర్తుపట్టేది ఒక్క జాతిలోని ఒక్క వర్గాన్ని, లెజియోనెల్లా న్యుమోఫిలా సీరోగ్రూప్ 1ని మాత్రమే. లోకంలో రోగం తెచ్చేవాటిలో అదే ఎక్కువ గనుక పరీక్షకు విలువ ఉంది. అయినా ఆస్ట్రేలియా, న్యూజీలాండులలో కుండీల మట్టి నుంచి వచ్చే లెజియోనెల్లా లాంగ్‌బీచే ఈ కార్డుకు కనబడదు. ఆసుపత్రి నీళ్ళలో తరచూ ఉండే ఇతర వర్గాలు, అవయవ మార్పిడి రోగులను పట్టే అరుదైన జాతులు కూడా కనబడవు. తేలికపాటి జబ్బులో యాంటిజెన్ తక్కువగా వస్తుంది గనుక అక్కడ కార్డు మరింత తడబడుతుంది. మైకోప్లాస్మాకైతే ఇలాంటి మూత్ర పరీక్ష వాడుకలో లేదు. కార్డు నెగెటివ్ చూసి ‘అసాధారణ న్యుమోనియా కాదు’ అని రాసే జూనియర్లను చూశాను. ఆ కార్డు అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు.

లెక్క కట్టి చూద్దాం. మా రోగిలాంటి వందమందిలో ముప్ఫైమందికి లెజియోనెల్లా ఉందని ఊహించండి. ఇది ఊహే, సర్వే కాదు. జబ్బు ఉన్నవారిలో నూటికి 75 మందిని కార్డు పట్టుకుంటుందనీ, లేనివారికి ఉందని దాదాపు పొరబడదనీ అనుకుందాం. వాస్తవంలో కూడా కొలతలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ముప్ఫైలో ఇరవైరెండో ఇరవైమూడో దొరుకుతాయి, ఏడెనిమిది తప్పించుకుంటాయి. నెగెటివ్ వచ్చినవారు మొత్తం డెబ్బైఏడుమంది దాకా. అంటే నెగెటివ్ కాగితం చేతిలో ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి జబ్బు ఉంది. అనుమానం ముప్ఫై నుంచి పదికి దిగింది, సున్నాకు దిగలేదు. ఆక్సిజన్ 87 ఉన్న మనిషి దగ్గర ఆ పదిని వదులుకునే ధైర్యం నాకు లేదు. అదే పరీక్షలో పాజిటివ్ వస్తే మాత్రం వాదన ముగిసినట్టే లెక్క.

మా రోగి కార్డు నెగెటివ్ వచ్చింది. మందు ఆపలేదు. శ్వాసనాళం నుంచి తీసిన ద్రవాన్ని పీసీఆర్‌కు, ప్రత్యేక కల్చర్‌కు పంపాం.

ఏ మందు? ఇక్కడ రెండు వంశాలున్నాయి. అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి మాక్రోలైడ్లు క్రిమి రైబోజోమ్‌ను పట్టి ప్రొటీన్ల తయారీని నిలిపేస్తాయి. లీవోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ వంటి క్వినలోన్లు దాని డీఎన్‌ఏ ముడులు విప్పే ఎంజైమును పట్టేస్తాయి. రెండింటికీ మాక్రోఫేజ్ లోపలికి పోయే శక్తి ఉంది, ఈ ఉపన్యాసం మొదటి నుంచి మనం వెతుకుతున్న గుణం అదే. ప్రయోగశాలలో క్వినలోన్లు లెజియోనెల్లాను మరింత చురుకుగా చంపుతాయి. 2005 ప్రాంతంలో స్పెయిన్ నుంచి వచ్చిన పరిశీలనల్లో లీవోఫ్లాక్సాసిన్ తీసుకున్నవారు కొంచెం ముందుగా ఇంటికి పోయారు, అయితే అక్కడ పోల్చింది ప్రధానంగా పాత మాక్రోలైడ్లతో. తరవాతి కాలంలో అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు మరణాల్లో రెండు వంశాల మధ్య స్పష్టమైన తేడా కనబడలేదు. కనుక క్రిమి వైపు నుంచి చూస్తే ఏదైనా సరిపోతుంది. ఎంపికను తేల్చేది రోగి, అతను ఉన్న నేల.

మా రోగికి లీవోఫ్లాక్సాసిన్ ఎందుకు ముందు పెట్టలేదో చెబుతాను. అతను గ్లిమెపిరైడ్ మీద ఉన్నాడు, తిండి లేదు. క్వినలోన్ తోడైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండం మందగించింది, ఆ మందు మోతాదును దానికి తగ్గట్టు సర్దాలి. ఇవి సర్దుకోగల చిక్కులే. సర్దుకోలేనివి రెండు. మొదటిది క్షయ. క్వినలోన్ క్షయ క్రిమిని కొన్నాళ్ళు అణచి, జ్వరం తగ్గించి, అసలు జబ్బును కప్పిపుచ్చుతుంది. ఒంటరి మందుగా పడితే ఆ క్రిమికి క్వినలోన్ నిరోధకతను నేర్పుతుంది. మందులకు లొంగని క్షయకు మన చేతిలో ఉన్న ఆయుధాల్లో అది ముఖ్యమైనది. కఫం సీబీనాట్‌కు పంపకుండా న్యుమోనియాకు క్వినలోన్ మొదలుపెట్టకూడదని నా నియమం. రెండోది స్క్రబ్ టైఫస్. ఆ క్రిమికి క్వినలోన్లంటే పుట్టుకతోనే లక్ష్యపెట్టనితనం. అజిత్రోమైసిన్ దాని మీద పనిచేస్తుంది. వెల్లూరు వైద్యుల నాయకత్వంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇస్తే ఒక్కొక్కటి ఇచ్చినదానికన్నా మేలని తేలింది. కనుక ఆ రాత్రి సెఫ్ట్రియాక్సోన్ కొనసాగిస్తూ, అజిత్రోమైసిన్ రోజుకు 500 మిల్లీగ్రాములు గంటసేపు నరంలోకి, దానితో డాక్సీసైక్లిన్ ఇచ్చాం. అంతకుముందు ఈసీజీ తీసి క్యూటీ చూశాం, పొటాషియం, మెగ్నీషియం సరిదిద్దాం. ఎందుకంటే రెండు వంశాలూ గుండె లయను చెడగొట్టగలవు. క్లారిత్రోమైసిన్ కాక అజిత్రోమైసిన్ ఎందుకంటే, మొదటిది కాలేయంలో అటోర్వాస్టాటిన్ విచ్ఛిన్నాన్ని ఆపి కండరాలను కరిగించగలదు. సీకే అప్పటికే రెండువేలున్న మనిషికి అది అగ్నిలో ఆజ్యం. స్టాటిన్ కూడా ఆపాం.

ఇదే రోగి మూత్రపిండ మార్పిడి చేయించుకుని టాక్రోలిమస్ మీద ఉండి ఉంటే నా ఎంపిక తిరగబడేది. అప్పుడు లీవోఫ్లాక్సాసిన్‌కే మొగ్గుతాను, వ్యవధీ మూడు వారాల దాకా పెంచుతాను. గర్భిణి అయితే అజిత్రోమైసిన్. మయస్తీనియా గ్రావిస్ ఉంటే ఈ రెండు వంశాలకూ దూరంగా ఉండే దారి వెతుకుతాను.

చికిత్స మొదలైన మూడో రోజు ఉదయం మా రోగి ఎక్స్‌రే ముందుకన్నా చెడింది. నీడ ఎడమవైపుకూ పాకింది. మా అసిస్టెంట్ మెరోపెనెమ్ ఫైలులో రాసి సంతకానికి తెచ్చాడు. ఆ తొందరను అర్థం చేసుకున్నాను. కానీ లెజియోనెల్లాలో సరైన మందు పడినా మొదటి కొన్ని రోజులు ఎక్స్‌రే వెనకబడే ఉంటుంది. మంచం దగ్గరికి పోయి చూశాం. శ్వాస 24కు దిగింది. ఆక్సిజన్ అవసరం సగమైంది. భార్యను ఆమె పేరుతోనే పిలుస్తున్నాడు. మెరోపెనెమ్ కొట్టేశాం. ఆ మధ్యాహ్నం పీసీఆర్ ఫలితం లెజియోనెల్లా న్యుమోఫిలా అని వచ్చింది. స్క్రబ్ పరీక్ష నెగెటివ్, రక్తం కల్చర్ శుద్ధంగా ఉంది. సెఫ్ట్రియాక్సోన్, డాక్సీసైక్లిన్ ఆపి, అజిత్రోమైసిన్ ఒక్కటే పదిరోజులు పూర్తిచేశాం. కార్డుకు కనబడని వర్గమని తరవాత కల్చర్‌లో తేలింది.

మైకోప్లాస్మా గురించి కొద్దిగా చెప్పాలి, ఎందుకంటే సంఖ్యలో అది చాలా ఎక్కువ, తీవ్రతలో చాలా తక్కువ. బడి పిల్లలు, కళాశాల యువకులు, హాస్టళ్ళు, బారకాసులు దాని తావులు. ఇంట్లో ఒకరికి వచ్చిన రెండు మూడు వారాలకు ఇంకొకరికి వస్తుంది, ఆ ఎడమే పెద్ద ఆధారం. రోగి నడుచుకుంటూ ఓపీకి వస్తాడు, ఎక్స్‌రే మాత్రం మంచాన పడాల్సినంత ఉంటుంది. ఒక ఆధారం మన ప్రయోగశాల రోజూ ఇస్తూనే ఉంది, మనం చదవడం లేదు. ఈ జబ్బులో చాలామందికి చలికి ఎర్రకణాలను అతికించే ప్రతిరక్షకాలు పుడతాయి. యంత్రం ఆ ముద్దలను ఒక్కో కణంగా లెక్కించి, ఎర్రకణాల సంఖ్య తక్కువ, ఎంసీహెచ్‌సీ నమ్మలేనంత ఎక్కువ అని అచ్చువేస్తుంది. టెక్నీషియన్ పొరపాటని పక్కన పెడతాడు. ఆ నమూనా గొట్టాన్ని మంచులో పెడితే గాజుకు గరుకుగా ముద్దలు కడుతుంది, అరచేతిలో వెచ్చబెడితే కరిగిపోతుంది. ఖర్చు లేని పరీక్ష. అయినా ఇది కూడా అందరిలో రాదు, ఇతర జబ్బుల్లోనూ వస్తుంది.

ఇక్కడ మాక్రోలైడ్ ఎంపికకు కొత్త చీకటి కమ్ముకుంటోంది. రైబోజోమ్‌లో ఒక్క అక్షరం మారితే చాలు, మైకోప్లాస్మా అజిత్రోమైసిన్‌ను లెక్కచేయదు. చైనాలో పిల్లల నుంచి వచ్చిన క్రిముల్లో అత్యధికం అలాంటివే. జలుబుకు, గొంతునొప్పికి, చివరికి డెంగీ జ్వరానికి కూడా అజిత్రోమైసిన్ చీటీ రాసే మనకు అది దూరదేశపు వార్త కాదు. రెండు మూడు రోజులైనా జ్వరం దిగకపోతే ఎనిమిదేళ్ళు దాటినవారికి డాక్సీసైక్లిన్, పెద్దవారికి అవసరమైతే క్వినలోన్ వైపు తిరగాలి. న్యుమోనియా రోగులందరికీ ముందుగానే బీటా-లాక్టమ్‌తో ఈ రెండు వంశాల్లో ఒకటి కలిపి ఇవ్వాలన్న వాదన ఉంది. 2015లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఐసీయూ అవసరం లేని రోగులకు బీటా-లాక్టమ్ ఒక్కటే మొదలుపెట్టడం తక్కువ ఫలితమేమీ ఇవ్వలేదు. గుర్తులు లేని తేలిక రోగికి ఆగవచ్చు. తీవ్ర రోగికి ఆగకూడదు. ఈ రెండింటి మధ్య గీత గీయడానికే రోగి పక్కన కూర్చోవాలి.

హౌస్ సర్జన్లకు ఒక విన్నపం. మూత్రం కార్డు పాజిటివ్ వచ్చినా కఫాన్ని కల్చర్‌కు పంపండి, లెజియోనెల్లా కోసమని చీటీ మీద స్పష్టంగా రాయండి. కార్డు గీత రోగిని బతికిస్తుంది గానీ, నీటిలో దొరికిన క్రిమితో పోల్చి చూడటానికి చేతికి క్రిమిని ఇవ్వదు. ఆ పోలిక లేనిదే ఏ ట్యాంకు కడగాలో ఎవరూ చెప్పలేరు. మా రోగి పన్నెండో రోజున నడిచి ఇంటికి పోయాడు. అతని క్రిమి మా ఫ్రీజరులో ఉంది. ఆ లాడ్జి గది నీళ్ళను ఈనాటికీ ఎవరూ పరీక్షించలేదు.